మాస్టారి డాబా మీద ఆరు ప్యానెళ్లు: ఒక ప్రతిపాదన చిత్రం డైరీ

జనవరి 21, 2025, మంగళవారం

విజయవాడ శివారులో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తమ డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెట్టించుకోవాలని మమ్మల్ని పిలిపించారు. ధర, సబ్సిడీ, నెలకు వచ్చే యూనిట్లు అన్నీ కాగితం మీద చూసి ఒప్పుకున్నాక ఆయన ఒక్క కోరిక కోరారు. "బాబూ, అవి మా డాబా మీద ఎక్కడ కూర్చుంటాయో, ఎంత ఎత్తున లేస్తాయో ఫొటోలో చూపించండి. ఇంట్లోవాళ్లకు బట్టలు ఆరేసుకునే చోటు మిగులుతుందో లేదో ముందే తేలాలి" అన్నారు. ప్రతిపాదనలో పెట్టే ఆ చిత్రాన్ని తయారుచేయడం నా పని. బిగింపు అయిన తరువాత అదే చోట నిలబడి ఫొటో తీస్తే రెండూ ఒకేలా ఉండాలన్నది నేను పెట్టుకున్న కొలత.

ఇల్లు తూర్పు ముఖం. డాబా తూర్పు పడమరలుగా 9 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 12 మీటర్లు ఉంది. చుట్టూ 90 సెంటీమీటర్ల పిట్టగోడ, నేల మీద తెల్లని కూల్ రూఫ్ టైల్స్ ఉన్నాయి, ఒక్కో టైలు 30 సెంటీమీటర్ల చదరం. వాస్తు ప్రకారం నైరుతి మూల ఎత్తుగా ఉండాలని మెట్ల గదినీ, దాని మీద నీళ్ల ట్యాంకునూ ఆ మూలనే కట్టారు. మన ఊళ్లలో సోలార్ పని చేసేవారికి ఈ నైరుతి ఎత్తు ఎప్పుడూ ఎదురయ్యేదే, ఎందుకంటే మధ్యాహ్నం దాటిన తరువాత దాని నీడ ఈశాన్యం వైపు సాగుతుంది. అందువల్ల మా సైట్ ఇంజనీరు ప్యానెళ్లను ఉత్తరం వైపుకు జరిపి గీశాడు. జనవరి 20వ తేదీ సూర్యుణ్ణి పట్టి లెక్క వేస్తే సాయంత్రం 4 గంటలకు ఆ నీడ ముందు వరుస అంచు దాకా వచ్చి ఆగుతుంది.

ప్యానెళ్లు ఆరు, ఒక్కొక్కటి 540 వాట్లు, 2278 మిల్లీమీటర్ల పొడవు, 1134 మిల్లీమీటర్ల వెడల్పు. నిలువుగా, మూడేసి చొప్పున రెండు వరుసలు, దక్షిణానికి 15 డిగ్రీల వాలు. కింది అంచు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, 15 డిగ్రీల వాలుకు పై అంచు మరో 59 సెంటీమీటర్లు లేచి 119 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. డిసెంబరులో సూర్యుడు బాగా కిందికి వాలిన రోజున కూడా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకు ముందు వరుస నీడ వెనక వరుస మీద పడకుండా ఉండాలని మధ్యలో 75 సెంటీమీటర్ల ఖాళీ పెట్టాము.

మాస్టారి అబ్బాయి మెట్ల గది పైకప్పు ఎక్కి, ఉత్తర ఈశాన్యం వైపు చూస్తూ తీసిన ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. డాబా మొత్తం కనిపిస్తోంది, దక్షిణం వైపు నుంచి తీయడం వల్ల రేపు ప్యానెళ్ల అద్దం ముఖం కూడా కనిపిస్తుంది. ఈ పనికి ఇంతకంటే మంచి చోటు ఆ డాబాలో లేదు. అయితే ఫైలులో తీసిన సమయం లేదు, కెమెరా వివరాలు లేవు, ఎందుకంటే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలన్నీ తొలగిపోయి చిత్రం కూడా చిన్నదవుతుంది. ఒరిజినల్ ఫైలును డాక్యుమెంటుగా పంపమని అబ్బాయిని అడిగాను.

జనవరి 22, బుధవారం

ఈ రోజు వచ్చిన ఫైలులో సమయం ఉంది కానీ, కెమెరాను సరిపోల్చేటప్పుడు లెక్క కుదరలేదు. నేను `fSpy` అనే ఉచిత ప్రోగ్రాము వాడతాను. ఫొటోలో నిజ జీవితంలో సమాంతరంగా ఉండే గీతలను, అంటే తూర్పు పడమరల పిట్టగోడ అంచులను ఒక జతగానూ, ఉత్తర దక్షిణాల అంచులను ఇంకో జతగానూ గుర్తు పెడితే, ఆ గీతలు పొడిగించినప్పుడు ఎక్కడ కలుస్తాయో చూసి కెమెరా ఎటు తిరిగి ఉందో, ఎంత కిందికి వంగి ఉందో, లెన్సు ఎంత వెడల్పుగా చూస్తోందో చెబుతుంది. అది చెప్పిన లెన్సు 21 మిల్లీమీటర్లు, ఫైలులో నమోదైనది 26 మిల్లీమీటర్లు. పిట్టగోడ గీతలను మూడు సార్లు మళ్లీ పెట్టినా ఇంత తేడా తగ్గలేదు.

ఫోన్ చేసి అడిగితే కారణం తెలిసింది. దండెం మీద ఆరేసిన బట్టలు కనిపించకూడదని అబ్బాయి ఫొటో కుడి పక్కను కత్తిరించి పంపాడు. ఈ లెక్క మొత్తం లెన్సు మధ్య బిందువు చిత్రం మధ్యలో ఉందన్న ఆధారం మీద నడుస్తుంది కాబట్టి, ఒక పక్క మాత్రమే కత్తిరిస్తే ఆ మధ్య పక్కకు జరిగి, తక్కినవన్నీ తప్పుతాయి. కత్తిరించిన ఫొటో చూసే కంటికి ఏ లోపమూ కనిపించదు. లెన్సు సంఖ్య నమోదైనదానితో సరిపోకపోవడమే దాన్ని పట్టించే గుర్తు. మధ్యాహ్నానికి బట్టలతో సహా అసలు ఫొటో వచ్చింది. అందులోని వివరాలు ఇలా చదివాను:

```
exiftool -DateTimeOriginal -FocalLengthIn35mmFormat roof.jpg
```

జనవరి 20, ఉదయం 10.18, లెన్సు 26 మిల్లీమీటర్లు, చిత్రం 4000 × 3000 పిక్సెళ్లు. ఈసారి `fSpy` కూడా 26 దగ్గరే నిలిచింది. డాబా వెడల్పు 9 మీటర్లని చెప్పగానే కెమెరా నేలకు సుమారు 4 మీటర్ల ఎత్తున, క్షితిజానికి 20 డిగ్రీలు కిందికి చూస్తున్నట్లు తేలింది. మెట్ల గది 2.4 మీటర్లు, దాని మీద నిలబడిన మనిషి కళ్ల ఎత్తు కలిపితే అది నిజమే.

సాయంత్రం, తొందరగా ఒక నమూనా చూడాలని, ప్యానెల్ కేటలాగు బొమ్మను ఫొటో మీద వేసి నాలుగు మూలలనూ లాగి కూర్చోబెట్టాను. ఈ పనిలో అందరూ మొదట చేసేది ఇదే, తప్పు జరిగేదీ ఇక్కడే. ప్యానెళ్లు నేల మీద పరిచిన చాపల్లా ఉన్నాయి. కాళ్లు గీసి ఎత్తు చూపించినా, చాపలను స్టూళ్ల మీద పరిచినట్లే ఉంది కానీ వాలు రాలేదు.

కారణం వివరంగా రాసి పెట్టుకుంటున్నాను. ప్యానెల్‌కు రెండు రకాల అంచులుంటాయి. పై అంచు, కింది అంచు తూర్పు పడమరలుగా నేలకు సమాంతరంగా ఉంటాయి కాబట్టి, అవి ఉత్తరం, దక్షిణం పిట్టగోడల గీతలు కలిసే బిందువులోనే కలవాలి. ఇంతవరకు నేను చేసింది సరైనదే. పక్క అంచులు మాత్రం ఉత్తరం వైపు పోతూ పైకి లేస్తాయి. వాటిని తూర్పు, పడమర పిట్టగోడల గీతలు కలిసే క్షితిజ బిందువు వైపు లాగితే, అవి నేలకు సమాంతరమని చెప్పినట్లవుతుంది. వాలు అంచులకు వేరే బిందువు ఉంటుంది, అది క్షితిజరేఖకు పైన ఉంటుంది. ఈ ఫొటోలో లెన్సు దూరం పిక్సెళ్లలో సుమారు 3000. దానితో లెక్క వేస్తే 15 డిగ్రీల వాలుకు ఆ బిందువు క్షితిజరేఖ కంటే దాదాపు 1150 పిక్సెళ్లు పైన, అంటే ఫొటో పై అంచును కూడా దాటి బయట పడుతోంది. నేను చేత్తో లాగిన మూలలు ఆ బిందువుకు దరిదాపుల్లో కూడా లేవు. కంటి అంచనాతో దాన్ని పట్టుకోవడం కష్టం కాబట్టి, ప్యానెళ్లను అసలు కొలతలతో బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాములో కట్టి, `fSpy` ఇచ్చిన కెమెరాతోనే చూడాలని నిర్ణయించాను.

జనవరి 23, గురువారం

ఉదయం మోడల్ పూర్తయింది. కేటలాగులోని పాత నీలిరంగు బొమ్మను పక్కన పెట్టాను, ఎందుకంటే మాస్టారికి మేము ఇస్తున్నది మోనో ప్యానెల్, అది దాదాపు నల్లగా ఉంటుంది, సెల్‌లు సగానికి కోసినవి కాబట్టి ప్యానెల్ మధ్యలో అడ్డంగా ఒక సన్నని ఖాళీ కనిపిస్తుంది. కొటేషన్‌లో ఒకటి, చిత్రంలో ఇంకొకటి ఉండడం నాకు సమ్మతం కాదు.

తరువాత సూర్యుడు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది, విజయవాడ 80.65 దగ్గర ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు గడియారం కంటే 7 నిమిషాల పైచిలుకు వెనక ఉంటాడు. జనవరి 20 ప్రాంతంలో భూమి కక్ష్య వల్ల, అక్షపు వాలు వల్ల వచ్చే సవరణ ఇంకో 11 నిమిషాలు అదే వైపు కలుస్తుంది. మొత్తం మీద 10.18 అంటే సూర్యుడి లెక్కలో సరిగ్గా 10 గంటలు, అంటే మధ్యాహ్నానికి రెండు గంటలు, గంటకు 15 చొప్పున 30 డిగ్రీలు ముందు. ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖ నుంచి సూర్యుడి ఎడం, దక్షిణానికి 20.2 డిగ్రీలు.

```python
from math import *
lat, dec, H = map(radians, (16.5, -20.2, -30))
alt = asin(sin(lat)*sin(dec) + cos(lat)*cos(dec)*cos(H))
az = atan2(-cos(dec)*sin(H), (sin(dec)-sin(alt)*sin(lat))/cos(lat))
print(degrees(alt), degrees(az))
```

ఎత్తు 43 డిగ్రీలు, దిక్కు ఉత్తరం నుంచి 140 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికి కొంచెం దక్షిణంగా వచ్చింది. బ్లెండర్‌లో ఉత్తరం వై అక్షంగా పెట్టుకుంటే సూర్యదీపానికి ఎక్స్ తిప్పు 47 డిగ్రీలు, జెడ్ తిప్పు 40 డిగ్రీలు. అలా పెట్టి, ముందుగా ప్యానెళ్లను దాచి, పిట్టగోడ నీడను మాత్రమే ఫొటోలోని అసలు నీడతో పోల్చాను. ఈ పరీక్షను నేను ఎన్నడూ మానను, ఎందుకంటే ఫోన్ గడియారం తప్పినా, కెమెరా తప్పినా, దిక్కు తప్పినా అది ఇక్కడే బయటపడుతుంది.

బయటపడింది కూడా. లెక్క ప్రకారం దక్షిణపు పిట్టగోడ నీడ లోపలికి 74 సెంటీమీటర్లు, తూర్పు పిట్టగోడ నీడ 62 సెంటీమీటర్లు పడాలి. ఫొటోలో టైల్స్ లెక్కపెడితే దక్షిణపు నీడ రెండు టైల్స్ మీద మూడో టైలులో దాదాపు మూడో వంతు దాకా, అంటే 69 సెంటీమీటర్లు వచ్చింది, తూర్పు నీడ రెండుంపావు టైల్స్, అంటే 67 సెంటీమీటర్లు ఉంది. ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగింది. గడియారం కొద్దిగా తప్పినా దాదాపు ఇలాంటి మార్పే వస్తుంది కాబట్టి వెంటనే తేల్చలేకపోయాను. అయితే ఫోన్ సమయం నెట్‌వర్క్ నుంచి వస్తుంది, దాన్ని నమ్మవచ్చు. ఇంటి దిక్కును మాత్రం నేను మాస్టారి మాట మీద సరిగ్గా తూర్పు ముఖం అనుకున్నాను. ఉపగ్రహ పటంలో గోడ గీత కొలిస్తే ఇల్లు సవ్యదిశగా 4 డిగ్రీలు తిరిగి ఉందని తెలిసింది. నీడల నుంచి కూడా అదే వస్తుంది. రెండు పిట్టగోడలూ ఒకే ఎత్తు కాబట్టి 67ను 69తో భాగిస్తే గోడ ఎత్తుతో సంబంధం లేకుండా ఇంటి అక్షానికి సూర్యుడు ఎంత పక్కగా ఉన్నాడో తెలుస్తుంది, ఇక్కడ 44 డిగ్రీలు. లెక్క చెప్పిన 40కి ఇంటి మలుపు 4 కలిపితే అదే సంఖ్య.

ప్యానెళ్లను ఇంటి గోడల వరుసనే బిగిస్తాము కాబట్టి జెడ్ తిప్పును 44కు మార్చాను. పిట్టగోడ నీడ ఫొటోలోని నీడ మీద గీత మీద గీతలా కూర్చుంది. అప్పుడు ప్యానెళ్లను చూపించాను. ఎత్తైన వెనక అంచు నీడ ఉత్తరానికి 92, పడమరకు 89 సెంటీమీటర్లు సాగింది. ముందు అంచు నీడ ఆ రెండు వైపులకూ సుమారు 46 సెంటీమీటర్లు మాత్రమే. అందువల్ల కెమెరాకు ఎడమ పక్కన నేల మీద కనిపించే నీడ దీర్ఘచతురస్రం కాదు, వెనక్కి పోయే కొద్దీ వెడల్పయ్యే ఆకారం. చేత్తో నీడ గీసినప్పుడు ప్యానెల్ ఆకారాన్నే కాస్త జరిపి నలుపు పూస్తాము, అలా పూసిన నీడ ప్యానెల్ వాలిందన్న సంగతిని మళ్లీ చెరిపేస్తుంది. వాలును నమ్మించడంలో అద్దం ముఖం కంటే ఈ నీడ అంచుదే పెద్ద పాత్ర అని నా అనుభవం.

నీడ రంగును ఫొటోలోని పిట్టగోడ నీడ నుంచే తీసుకున్నాను. ఎండలోని టైలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం 226, 221, 212 ఉంటే, నీడలోని టైలు 104, 110, 122. అంటే నీడలో వెలుతురు తగ్గడమే కాదు, ఆకాశపు నీలం కూడా కలుస్తుంది. నలుపును సగం పారదర్శకంగా పూస్తే ఇది రాదు, తెల్ల టైల్స్ మీద మసి పూసినట్లు కనిపిస్తుంది.

జనవరి 24, శుక్రవారం

ఈ రోజంతా అద్దంలో ఏమి కనిపించాలన్న దాని మీదే గడిచింది.

ఫొటోలో ఈశాన్యపు పిట్టగోడ వెనక ఒక కొబ్బరి చెట్టు ఉంది. చెరువు నీళ్లలో కనిపించినట్లు అది ప్యానెళ్లలో తలకిందులుగా కనిపిస్తుందని నేను మొదట అనుకుని, చెట్టును కత్తిరించి తిప్పి మసకగా పెట్టాను. చూడడానికి బాగుంది కానీ నిజం కాదు. నీటి ముఖం నేలకు సమాంతరం, ప్యానెల్ వాలి ఉంటుంది. కెమెరా నుంచి ప్యానెల్ మీద పడిన చూపు ఎటు మళ్లుతుందో తెలుసుకోవడానికి ఒకే సూత్రం ఉంది. ప్యానెల్ నుంచి కెమెరా వైపు దిశ v, ప్యానెల్ ముఖానికి లంబం n అయితే, మళ్లిన చూపు

```
r = 2(n·v)n − v
```

ప్యానెళ్ల మధ్య నుంచి కెమెరా పడమరకు 3.5, దక్షిణానికి 7, పైకి 3.1 మీటర్ల దూరంలో ఉంది. అక్కడ నీళ్ల తొట్టి ఉంటే మళ్లిన చూపు 22 డిగ్రీల ఎత్తున పోయేది, చెట్టు తప్పకుండా కనిపించేది. 15 డిగ్రీల వాలున్న ప్యానెల్ ఆ చూపును ఈశాన్యం వైపు 47 డిగ్రీల ఎత్తుకు లేపుతుంది. కొబ్బరి మట్టల చివర ప్యానెళ్ల దగ్గర నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఆగిపోయింది. కాబట్టి అద్దంలో చెట్టు లేదు, ఖాళీ ఆకాశం మాత్రమే ఉంది. చెట్టు ప్రతిబింబాన్ని తీసేశాను.

ఆ ఆకాశమైనా ఏ రంగుది? ఫొటోలో కనిపించేది క్షితిజం దగ్గరి ఆకాశం, అది పాలిపోయి తెల్లగా ఉంది. 47 డిగ్రీల ఎత్తున ఆకాశం దానికంటే ముదురు నీలం. ఫొటోలోని ఆకాశాన్నే ప్యానెళ్లలో పెడితే అవి బూడిదరంగు రేకుల్లా కనిపిస్తాయి. బ్లెండర్‌లోని `Sky Texture` సూర్యుడి ఎత్తును బట్టి పై ఆకాశాన్ని తయారుచేస్తుంది కాబట్టి దానినే ప్రతిబింబానికి వాడాను, అందులోని సూర్యబింబాన్ని ఆపి, వెలుగుకు నిన్నటి సూర్యదీపాన్నే ఉంచాను.

ఇక ఎంత ప్రతిఫలించాలి? అద్దాన్ని ఎదురుగా చూస్తే దాని పై ముఖం నుంచి వెనక్కి వచ్చేది 4 శాతం మాత్రమే, చూపు ఏటవాలయ్యే కొద్దీ అది పెరుగుతుంది. మన కెమెరాకు ముందు వరుస లంబానికి 52 డిగ్రీల కోణంలో, వెనక వరుస 58 డిగ్రీల కోణంలో కనిపిస్తున్నాయి. మామూలు అద్దానికి మొదటిది సుమారు 6 శాతం, రెండోది 8 శాతం. సోలార్ అద్దానికి మెరుపు తగ్గించే పూత ఉంటుంది కాబట్టి అసలు విలువలు ఇంకా తక్కువ. అంటే ఈ ఫొటోలో ప్యానెళ్లు నల్లగా ఉండి, లోపల సెల్‌ల గీతలు స్పష్టంగా తెలుస్తూ, పైన లేత నీలం పొర ఉన్నట్లు కనిపించాలి, వెనక వరుస ఒక్క మెట్టు మాత్రమే తేటగా ఉండాలి. నేను మొదట పెట్టిన ప్రతిబింబం దీనికి నాలుగు రెట్లు ఉంది. తగ్గించిన తరువాత మొదటిసారి అవి ఆ డాబా మీద ఉన్న వస్తువుల్లా కనిపించాయి.

జనవరి 25, శనివారం

మా సేల్స్ సహోద్యోగి చిత్రం చూసి, "అన్నా, అంతా బాగుంది గానీ ఒక్క మెరుపు కూడా లేదు. ఒక మూల ఎండ తళుక్కుమన్నట్లు పెట్టు, ఫొటోకి ప్రాణం వస్తుంది" అన్నాడు. అతను అడిగిన దాంట్లో తప్పు లేదు, ప్రకటనల్లో ప్రతి ప్యానెల్ మూలనా ఒక తెల్లని నక్షత్రం ఉంటుంది. కాని ఇక్కడ అది ఉండగలదా లేదా అన్నది ఇష్టాన్ని బట్టి తేలే విషయం కాదు. కూర్చోబెట్టి చూపించాను.

అదే సూత్రంలో కెమెరా బదులు సూర్యుడి దిశ పెడితే, ఉదయం 10.18కి ప్యానెళ్ల మీద పడిన ఎండ పడమరకు కొద్దిగా ఉత్తరంగా, 59 డిగ్రీల ఎత్తున ఆకాశంలోకి పోతోంది. కెమెరా ఉన్నది నైరుతిలో, ప్యానెళ్ల కంటే మూడు మీటర్ల ఎత్తున. వేరే వైపు నుంచి చూసినా అదే జవాబు వస్తుంది. కెమెరా చూపు మళ్లి చేరే ఆకాశపు చోటుకూ సూర్యుడికీ మధ్య 65 డిగ్రీల ఎడం ఉంది. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. సోలార్ అద్దం మీది సన్నని గరుకు వల్ల మెరుపు కొన్ని డిగ్రీలు చెదురుతుందనుకున్నా ఆ ఎడం పూడదు. అంతేకాదు, విజయవాడలో సూర్యుడు ఈశాన్యంలో 47 డిగ్రీల ఎత్తున ఏ రోజూ ఉండడు. జూన్‌లో బాగా ఉత్తరానికి జరిగినప్పుడు కూడా ఆ ఎత్తులో తూర్పుకు 17 డిగ్రీలు మాత్రమే ఉత్తరంగా ఉంటాడు. మాస్టారు మెట్ల గది మీద నిలబడి ఏడాది పొడవునా చూసినా ఆ ప్యానెళ్లలో సూర్యుడు కనిపించడు. అక్కడ మెరుపు పెడితే, ఆయనకు ఎన్నడూ కనిపించని దృశ్యాన్ని ఆయన డాబాదని చూపినట్లవుతుంది. సహోద్యోగి ఒప్పుకున్నాడు. అల్యూమినియం ఫ్రేము అంచుల మీద మాత్రం సన్నని వెలుగు గీత ఉంచాను, ఫ్రేము మూలలు కొద్దిగా గుండ్రంగా ఉండడం వల్ల ఏదో ఒక వంపు సూర్యుణ్ణి కెమెరాకు చూపుతుంది.

మిగిలిన పని తొందరగా అయింది. బ్లెండర్‌లో `View Transform` ను `Standard` కు మార్చాను, లేకపోతే ప్యానెళ్ల రంగులు ఫొటో రంగులకు భిన్నంగా వెలిసిపోతాయి. ఫోన్ ఫొటోలో ఉండే సన్నని రవ్వలాంటి చుక్కలు బ్లెండర్ గీసిన చిత్రంలో, అంటే రెండర్‌లో ఉండవు కాబట్టి ఒక పిక్సెల్ కంటే తక్కువ మసక, దానిపై కొద్దిగా రవ్వ కలిపాను. సెల్‌ల మీది వెండి తీగలు ఈ దూరంలో పిక్సెల్ కంటే సన్నగా ఉండి అలల్లా కదిలినట్లు కనిపించాయి, రెండింతల సైజులో రెండర్ చేసి కుదిస్తే సర్దుకుంది. బట్టల దండేన్ని తీసేయలేదు. అది డాబా దక్షిణ భాగంలో ప్యానెళ్లకు దూరంగా ఉంది, మాస్టారు అడిగిన ప్రశ్నకు అదే జవాబు.

చిత్రం కింద ఇలా రాశాను: "నమూనా చిత్రం. జనవరి 20, ఉదయం 10.18 నాటి ఎండ. వాలు 15 డిగ్రీలు, కింది అంచు 60 సెంటీమీటర్లు, పై అంచు 119 సెంటీమీటర్లు."

జనవరి 27, సోమవారం

చిత్రాన్ని మాస్టారి ఇంటికి తీసుకెళ్లాము. ఆయన దాన్ని పట్టుకుని మెట్ల గది ఎక్కి, కొంతసేపు డాబానూ కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. పిట్టగోడ నీడ లెక్క అడిగి తెలుసుకుని, జేబులోని కాగితం మీద తామే 67ను 69తో భాగించి చూసుకున్నారు. తరువాత నేను ఊహించని ప్రశ్న వేశారు. "మాకు మెరుపు కనిపించదు సరే. మరి పడమటి పక్కింటి వాళ్లది మాకంటే ఒక అంతస్తు ఎక్కువ. వాళ్ల కిటికీలోకి కొడుతుందా?"

సరైన ప్రశ్న అది. అక్కడే కూర్చుని లెక్క వేశాను. పక్కింటి కిటికీ ప్యానెళ్ల నుంచి నేరుగా పడమరకు, సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉంది. ఆ దిశలోకి ఎండ మళ్లాలంటే సూర్యుడు తూర్పుకు 12 డిగ్రీలు దక్షిణంగా, 13 డిగ్రీల ఎత్తున ఉండాలి. అలాంటి సూర్యుడు మార్చి మొదటి రోజుల్లో ఉదయం 7.20 ప్రాంతంలో వస్తాడు, మళ్లీ అక్టోబరు రెండో వారంలో. అప్పుడు ఎండ అద్దాన్ని లంబానికి 75 డిగ్రీల ఏటవాలుగా తాకుతుంది, ఆ కోణంలో మామూలు అద్దం నాలుగో వంతు వెలుగును వెనక్కి పంపుతుంది. పూత దాన్ని కొంత తగ్గించినా, లేత ఎండే అయినా అది కళ్లు చిట్లించేంత మెరుపు. సూర్యుడు కదులుతూనే ఉంటాడు కాబట్టి ఒక్కో ప్యానెల్‌లో అది కొద్ది నిమిషాలే నిలుస్తుంది, కొన్ని రోజుల తరువాత ఆ కిటికీని దాటిపోతుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పాను.

ఆయన కోరగా సాయంత్రానికి రెండో చిత్రం చేశాను. బ్లెండర్‌లో కెమెరాను పక్కింటి కిటికీ ఎత్తుకు జరిపి, సూర్యుణ్ణి మార్చి 2 ఉదయం 7.23 దగ్గర పెట్టి, ప్యానెళ్లనూ డాబానూ మాత్రం రెండర్ చేశాను. ముందు వరుస మధ్య ప్యానెల్ మీద తెల్లని మెరుపు, అంచులు చెదిరి, అద్దం గరుకు వెంట సాగి తనంతట తానే వచ్చింది. దాన్ని తగ్గించలేదు. దాని కింద కూడా తేదీ, సమయం రాసి ఇచ్చాను. మాస్టారు రెండు కాగితాలూ మడవకుండా ఫైలులో పెట్టుకుని, దీపాలు పెట్టే వేళకు పక్కింటికి బయలుదేరారు. మా ఇంజనీరు వచ్చే శుక్రవారం డాబా మీద కాళ్ల చోట్లు సుద్దతో గుర్తు పెడతాడు, ఆ గుర్తుల దగ్గర నేను టైల్స్ లెక్కపెట్టి చిత్రంతో పోల్చుకోవాలి.